ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చే మొదటి మెయిల్

విజయవాడ వన్‌టౌన్‌లో పెయింట్లు, హార్డ్‌వేర్ సామాన్లు అమ్మే షాపు ఒకటి ఉందనుకుందాం. యజమాని ఒక్కరే. కౌంటర్ దగ్గర నలుగురు కుర్రాళ్లు, లోపల టాలీ ముందు కూర్చునే అకౌంటెంట్ ఒకాయన. చాలా ఏళ్లుగా లెక్కలు చూసిన ఆడిటర్‌ని మార్చి, నవంబరు 4న కొత్త చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసుతో ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. ఇలాంటి షాపులు, ఇలాంటి సంతకాలు మన ఊళ్లలో కొత్తేమీ కాదు. సంతకం అయిన రోజు సాయంత్రమో మర్నాడో ఆ ఆఫీసు నుంచి యజమానికి ఒక మెయిల్ వస్తుంది. ఇక మీదట ఏం జరుగుతుంది, ఏమేం పంపాలి, ఎవరితో మాట్లాడాలి అన్నది అందులో ఉంటుంది.

ఆ మెయిల్ ఎలా ఉందన్నదాన్ని బట్టి ఆ నెల గడుస్తుంది. ఎందుకంటే నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసే షాపు అక్టోబరు అమ్మకాల వివరాలను, అంటే జీఎస్టీఆర్-1ను, నవంబరు 11లోగా వేయాలి. పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బి గడువు 20. సంతకం 4న పడింది కాబట్టి మొదటి గడువుకు చేతిలో ఉన్నది వారం రోజులే. కొత్త ఆఫీసు ఆ షాపు లెక్కల్ని ఇంకా కళ్లతో చూడనే లేదు.

చాలా ఆఫీసుల్లో ఈ మెయిల్ ఎప్పుడో ఒకసారి రాసి పెట్టుకున్నదే ఉంటుంది. కొత్త క్లయింట్ రాగానే పేరు మార్చి పంపేస్తారు. పాన్ కాపీ, ఆధార్ కాపీ, జీఎస్టీ సర్టిఫికెట్, గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, లోన్ల మంజూరు పత్రాలు, పనివాళ్ల జీతాల పట్టిక, స్టాకు లిస్టు, యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు... ఇరవై పైచిలుకు అంశాలు వరసగా ఉంటాయి. కింద "వీలైనంత త్వరగా పంపగలరు" అని ఒక వాక్యం. పంపినవాళ్లకు అడగాల్సినవన్నీ అడిగేశామన్న నిశ్చింత. అందుకున్న యజమాని షాపులో కస్టమర్ ఎదురుగా నిలబడి ఫోన్‌లో దాన్ని చూస్తారు, రెండుసార్లు పైకి జరుపుతారు, రాత్రికి చూద్దాంలే అని పక్కన పెడతారు.

ఇందులో యజమాని తప్పు పెద్దగా లేదు. ఆ జాబితాలో 11వ తేదీకి కావాల్సినవి మూడు. మిగతావాటిలో కొన్ని 20కి, కొన్ని నెలాఖరుకు, కొన్ని సంవత్సరాంతపు ఆడిట్‌కు కావాలి. అన్నీ ఒకే వరసలో ఉంటే అవతలి మనిషికి ఏది ముందో తెలిసే దారి లేదు. దొరికింది ముందు పంపుతారు. పాన్ కాపీ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి అది మొదటి రోజే వస్తుంది, కొనుగోలు బిల్లులు పదో తేదీ రాత్రి వస్తాయి.

మంచి మెయిల్ రాసే ఆఫీసు ముందు చేసే పని, అడగక్కర్లేనివాటిని కొట్టేయడం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తర్వాతి పది పాన్ నంబరే. అంటే జీఎస్టీ నంబరు తెలిసిన ఆఫీసు "మీ పాన్ నంబరు ఎంత?" అని అడగడం దండగ. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరి లాగిన్ అవసరం లేకుండానే Search Taxpayer అనే పేజీ తెరిచి ఆ నంబరు కొడితే షాపు చట్టపరమైన పేరు, వ్యాపార నామం, రిజిస్ట్రేషన్ తేదీ, యాజమాన్యం ఏ రకం అన్నవి వచ్చేస్తాయి. అన్నిటికన్నా విలువైనది, ఏ నెల రిటర్న్ ఏ తేదీన వేశారో చూపే పట్టిక కూడా అక్కడే ఉంటుంది.

ఆ పట్టికను మెయిల్ రాయకముందే చూసి తీరాలి. సెప్టెంబరు 3బి వేయకుండా ఉండిపోతే పోర్టల్ అక్టోబరు జీఎస్టీఆర్-1ను వేయనివ్వదు. పాత ఆడిటర్‌తో సంబంధాలు చెడి మారే సందర్భాల్లో సరిగ్గా ఆ చివరి నెలే ఎవరికీ పట్టకుండా పోతుంది. ఆయన "మారిపోతున్నారుగా, కొత్తవాళ్లు చూసుకుంటారు" అనుకుంటారు. కొత్తవాళ్లకు సంతకమే అయి ఉండదు. యజమాని మాత్రం వేసేసి ఉంటారనే నమ్మకంతో ఉంటారు. పట్టికలో ఆ ఖాళీ కనిపిస్తే మెయిల్ మొదటి వాక్యమే మారిపోతుంది, ముందు సెప్టెంబరు సంగతి తేల్చాలని రాయాల్సి వస్తుంది. మన ఉదాహరణలో సెప్టెంబరు వరకు అన్నీ వేసే ఉన్నాయనుకుందాం.

ఇప్పుడు తేదీల లెక్క. అమ్మకాల రిటర్న్ 11లోగా వేయాలంటే, బిల్లులన్నీ సరిచూసుకోవడానికి ఆఫీసుకు కనీసం రెండు రోజులు కావాలి. కాబట్టి సమాచారం 8వ తేదీ సాయంత్రానికి అందాలి. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. కొనుగోలు బిల్లులు కూడా 8కే కావాలన్న చోట మాత్రం షాపు అకౌంటెంట్ "ఎందుకండీ, కొనుగోళ్లు 20న కదా?" అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, జవాబు మెయిల్‌లో ఉండాలి.

షాపువారు అక్టోబరులో ఒక హోల్‌సేల్ పార్టీ దగ్గర రెండు లక్షల రూపాయల పెయింట్లు కొన్నారనుకుందాం. 18 శాతం పన్ను, అంటే 36,000 రూపాయలు, బిల్లులోనే కట్టేశారు. తమ అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి ఆ 36,000 తగ్గించుకునే హక్కు వారికి ఉంది. వ్యాపారులు దీన్ని ఇన్‌పుట్ అంటారు. అయితే ఆ బిల్లు జీఎస్టీఆర్-2బి అనే పత్రంలో కనిపించాలి. అమ్మిన పార్టీ తన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లును 11లోగా ఎక్కిస్తేనే 14న తయారయ్యే 2బిలోకి అది వస్తుంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసే చిన్న పార్టీ అయితే 13లోగా ఆ బిల్లును విడిగా ఎక్కించే వీలుంది. ఆ పార్టీ మరిచిపోయినా, మన షాపు జీఎస్టీ నంబరులో ఒక అంకె తప్పు కొట్టినా, ఆ నెలకు ఆ 36,000 షాపు జేబులోంచి పోతాయి. తర్వాత ఏదో ఒక నెల 2బిలో కనిపించినప్పుడు తీసుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. బిల్లు కాపీ 8న ఆఫీసు చేతిలో ఉంటే 9నో 10నో పార్టీకి ఫోన్ చేసి "మా బిల్లు ఎక్కించారా? నంబరు ఒకసారి సరిచూడండి" అని అడగొచ్చు. 15న చూసుకుంటే అడిగినా ఆ నెలకు లాభం లేదు.

అమ్మకాల వైపు కూడా ఇదే సంగతి, తిరగేసి. 3బి అయిదు రోజులు ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల చొప్పున 250 రూపాయల ఆలస్య రుసుము. నగదుగా కట్టాల్సిన పన్ను 1,20,000 అయితే ఏడాదికి 18 శాతం లెక్కన అయిదు రోజుల వడ్డీ దాదాపు 296 రూపాయలు. "అంతేగా" అనిపించే మొత్తాలే. కానీ షాపు జీఎస్టీఆర్-1 11 దాటితే, దాని దగ్గర సరుకు కొన్న కాంట్రాక్టర్లకు ఆ నెల 2బిలో బిల్లులు కనిపించవు. వాళ్లు ఫోన్ చేసి "మీ బిల్లు రాలేదండీ" అంటారు, బాకీలో పన్ను మేరకు ఆపేస్తారు. షాపుకు అసలు దెబ్బ అక్కడ తగులుతుంది. యజమానికి ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, 8వ తేదీ ఎందుకో అర్థమైపోతుంది. ఆలస్య రుసుము భయం కన్నా కాంట్రాక్టర్ ఫోన్ కాల్ ఆయనకు ఎక్కువ తెలుసు.

ఇంతా ఆలోచించాక మెయిల్ రాస్తే అది ఇలా ఉండొచ్చు. పేర్లు, నంబర్ల స్థానంలో హోదాలు మాత్రం పెట్టాం.

సబ్జెక్ట్: 8వ తేదీలోగా మూడు పంపండి – అక్టోబరు జీఎస్టీ

నమస్కారం సార్. మీ లెక్కలు మా ఆఫీసుకు అప్పగించినందుకు కృతజ్ఞతలు. సెప్టెంబరు వరకు మీ రిటర్నులన్నీ వేసి ఉన్నాయని పోర్టల్‌లో చూశాం. అక్టోబరు అమ్మకాల రిటర్న్ ఈ నెల 11లోగా వేయాలి. అది ఆలస్యమైతే మీ దగ్గర కొన్న కాంట్రాక్టర్లకు ఈ నెల ఇన్‌పుట్ రాదు.

అందుకని 8వ తేదీ సాయంత్రం 5 గంటల్లోపు ఈ మూడు కావాలి.

ఒకటి, అక్టోబరు 31 వరకు ఎంట్రీలు పూర్తయిన టాలీ బ్యాకప్, మీ టాలీ రిలీజ్ నంబరు. రెండు, అక్టోబరు కొనుగోలు బిల్లుల కాపీలు. పార్టీలు మీ బిల్లు ఎక్కించారో లేదో 10లోపు అడగడానికి ఇవి ముందే కావాలి. మూడు, రద్దు చేసిన అమ్మకం బిల్లుల నంబర్లు, వెనక్కి వచ్చిన సరుకుకు ఇచ్చిన క్రెడిట్ నోట్లు.

మూడింటినీ కింది లింకులో పెట్టమని మీ అకౌంటెంట్ గారికి చెప్పండి. ఆయనకూ ఈ మెయిల్ కాపీ పంపాం.

మీరు స్వయంగా చెప్పాల్సినది ఒక్కటే. జీఎస్టీ పోర్టల్ ఓటీపీ ఏ మొబైల్ నంబరుకు వస్తోంది? ఆ నంబరు ఎవరిది? ఈ మెయిల్‌కు జవాబుగా రాయండి, లేదా ఫోన్‌లో చెప్పండి. పాస్‌వర్డ్‌లు మెయిల్‌లో గానీ వాట్సాప్‌లో గానీ పంపవద్దు.

బిల్లులు, రిటర్నుల విషయం మా రిటర్నుల అసిస్టెంట్‌తో మాట్లాడండి. నోటీసు ఏదైనా వస్తే అదే రోజు మేనేజర్‌కు పంపండి. ఫీజు, ఒప్పందం విషయాలు ఆడిటర్ గారితో. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పాత బ్యాలెన్స్ షీట్లు ఎప్పటికి కావాలో 12న రాస్తాం. ఇప్పుడు వాటి గురించి ఆలోచించనక్కర్లేదు.

మెయిల్ ఇంతే. ఇందులో రెండు మూడు చోట్ల కాస్త ఆగి చూడాలి.

సబ్జెక్ట్ లైన్‌లో తేదీ ముందుంది. ఫోన్ తెరమీద సబ్జెక్ట్‌లో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి. "మా సంస్థకు స్వాగతం" అని రాస్తే ఆ చోటంతా స్వాగతానికే పోతుంది. వారం తర్వాత ఆ మెయిల్‌ను వెతికేటప్పుడు కూడా "అక్టోబరు జీఎస్టీ" అన్న మాటే పనికొస్తుంది.

రద్దు చేసిన బిల్లుల నంబర్లు అడగడం కొందరికి చాదస్తంగా అనిపించవచ్చు. జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక ఉంది. ఆ నెలలో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా బిల్లులు ఇచ్చారు, అందులో ఎన్ని రద్దయ్యాయి అన్నది అక్కడ రాయాలి. షాపు 401 నుంచి 562 వరకు బిల్లులు కొట్టిందనుకుంటే మొత్తం 162 ఉండాలి. టాలీలో 158 కనిపిస్తే, మిగతా నాలుగు రద్దయ్యాయా, ఎక్కించడం మరిచిపోయారా అన్నది షాపులోవాళ్లు చెబితేనే తెలుస్తుంది. ఆ ప్రశ్న 11వ తేదీ రాత్రి తొమ్మిదింటికి పుడితే జవాబు చెప్పే మనిషి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

టాలీ బ్యాకప్‌తో పాటు రిలీజ్ నంబరు అడిగింది కూడా అనుభవంలోంచి వచ్చినదే. కొత్త రిలీజ్‌లో చేసిన డేటా పాత రిలీజ్‌లో తెరుచుకోదు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, "టాలీ డేటా పంపండి" అని మాత్రమే రాస్తే చాలామంది అకౌంటెంట్లు అమ్మకాల రిజిస్టర్‌ను పీడీఎఫ్‌గా పంపుతారు. చదవడానికి బాగుంటుంది గానీ దాంతో పని జరగదు. అందుకే బ్యాకప్ అన్న మాట స్పష్టంగా రాయాలి. వీలైతే అకౌంటెంట్‌కు పంపే కాపీలో బ్యాకప్ ఎలా తీయాలో రెండు వాక్యాలు చేర్చాలి.

లింకు సంగతి. జీమెయిల్‌లో ఒక మెయిల్‌కు జతచేసే ఫైళ్ల పరిమితి 25 ఎంబీ. ఫోన్‌తో ఫొటో తీసిన అరవై కొనుగోలు బిల్లులు ఆ హద్దును సులువుగా దాటేస్తాయి. అప్పుడు అకౌంటెంట్ వాటిని వాట్సాప్‌లో పంపుతారు. వాట్సాప్ ఫొటోల సైజు తగ్గించేస్తుంది, చిన్న అక్షరాల్లో ఉన్న జీఎస్టీ నంబరులో 8 ఏదో 3 ఏదో తెలియదు. పైగా శుభోదయం బొమ్మల మధ్య ఏ బిల్లు వచ్చింది, ఏది రాలేదు అన్నది ఎవరూ లెక్కపెట్టలేరు. మన దగ్గర వ్యాపారమంతా వాట్సాప్‌లోనే నడుస్తోందన్నది నిజం, దాన్ని వద్దనడం కుదరదు. "మెయిల్ పంపాం, చూడండి సార్" అని ఒక మెసేజ్ పెట్టడానికి దాన్ని వాడుకోవాలి. కాగితాలు మాత్రం ఒకే ఫోల్డర్‌లోకి వెళ్లాలి.

ఇక ఓటీపీ. మెయిల్‌లో యజమాని స్వయంగా చెప్పాల్సిన ఒకే ఒక్క విషయంగా దాన్ని పెట్టడానికి బలమైన కారణం ఉంది.

జీఎస్టీ వచ్చిన 2017లో చాలామంది చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ పని వాళ్ల ఆడిటర్లు, కన్సల్టెంట్లే చేసిపెట్టారు. ప్రతిసారీ ఓటీపీ కోసం షాపుకు ఫోన్ చేయడం ఎందుకని తమ మొబైల్ నంబరు, తమ మెయిల్ ఐడీ ఇచ్చేశారు. అప్పుడది ఇద్దరికీ సుఖంగానే ఉంది. ఆడిటర్ మారిన రోజున దాని బరువు తెలుస్తుంది. రిటర్న్ వేసేటప్పుడు వచ్చే ఓటీపీ పాత ఆడిటర్ ఫోన్‌కు వెళ్తుంది. పాస్‌వర్డ్ మార్చాలన్నా ఓటీపీ అక్కడికే. అన్నిటికన్నా ప్రమాదం, నోటీసు వచ్చిందన్న సమాచారం కూడా ఆయన మెయిల్‌కే పోతుంది. రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ ఇచ్చే నోటీసు, ఆర్‌ఈజీ-17, అందితే జవాబుకు ఏడు పనిదినాలే గడువు. ఆ మెయిల్ ఐడీని ఇప్పుడు ఎవరూ చూడకపోతే షాపు రిజిస్ట్రేషన్ రద్దయ్యాక గానీ యజమానికి సంగతి తెలియదు.

దీన్ని సరిచేయడం కష్టం కాదు, కాస్త వ్యవధి కావాలి అంతే. పాత ఆడిటర్ సహకరిస్తే పోర్టల్‌లో లాగిన్ అయి Services > Registration > Amendment of Registration Non-Core Fields అన్న దారిలో వెళ్లి, సంతకందారు వివరాల్లో మొబైల్ నంబరు, మెయిల్ మార్చుకోవచ్చు. ఒకే కూర్చోడంలో అయిపోయే పని. ఆయన ఫోన్ ఎత్తకపోతే ఇంకో దారి ఉంది. షాపు ఏ జీఎస్టీ అధికారి పరిధిలోకి వస్తుందో ఆ ఆఫీసుకు యజమాని స్వయంగా రుజువు పత్రాలతో వెళ్లి అడిగితే, అధికారి వాటిని పరిశీలించి కొత్త మెయిల్, మొబైల్ నమోదు చేసే ఏర్పాటు ఉంది. ఆ తర్వాత కొత్త మెయిల్‌కు తాత్కాలిక లాగిన్ వివరాలు వస్తాయి. ఈ రెండో దారిలో ఎన్ని రోజులు పడుతుందన్నది మన చేతిలో ఉండదు. అందుకే ఆ ప్రశ్న మొదటి మెయిల్‌లోనే ఉండాలి. 5న తెలిస్తే 11లోగా ఏదో ఒక దారి దొరుకుతుంది. 11న తెలిస్తే పాత ఆడిటర్‌ను బతిమాలుకోవడమే మిగులుతుంది.

కొత్త ఆఫీసు కూడా అదే పొరపాటు మళ్లీ చేయకూడదు. నంబరు మార్చేటప్పుడు తమది పెట్టుకోవడం సులువు, కానీ పెట్టాల్సింది యజమాని నంబరే. అలా పెట్టాక నెలకు రెండుసార్లు, 11కు ముందు, 20కి ముందు, ఓటీపీ కోసం ఆయనకు ఫోన్ చేయక తప్పదు. ఆ ఫోన్ ఏ నంబరు నుంచి, ఎవరు చేస్తారో ముందే రాసి, ఆ నంబరు సేవ్ చేసుకోమని చెప్పాలి. ఇంకెవరు జీఎస్టీ ఆఫీసు అన్నా, ఆడిటర్ ఆఫీసు అన్నా ఓటీపీ చెప్పొద్దని కూడా రాయాలి. ఓటీపీ మోసాల గురించి రోజూ వింటున్న యజమాని ముక్కూమొహం తెలియని అసిస్టెంట్‌కు ఓటీపీ చెప్పడానికి వెనకాడితే అది ఆయన మంచి అలవాటే, దాన్ని కాపాడేలా మెయిల్ ఉండాలి. ఫీజు విషయంలోనూ అంతే. ఆఫీసు బ్యాంకు ఖాతా ఒప్పంద పత్రంలో రాసి ఉన్నదేనని, ఖాతా మారిందంటూ మెయిల్ వస్తే డబ్బు పంపకుండా ముందు ఆడిటర్ గారికి ఫోన్ చేయమని ఒక వాక్యం చేర్చితే, నకిలీ మెయిళ్లతో డబ్బు కాజేసేవాళ్లకు ఒక తలుపు మూసినట్టవుతుంది.

ఎవరితో మాట్లాడాలన్న భాగాన్ని చాలా ఆఫీసులు పేర్ల పట్టికగా రాస్తాయి. ఆరుగురి పేర్లు, హోదాలు, ఫోన్లు. చదివిన యజమాని వాటిలో ఎవరికీ చేయరు, సంతకం రోజు చూసిన ఆడిటర్ గారికే చేస్తారు. ఆయనేమో ఏ బ్యాంకు మీటింగ్‌లోనో ఉంటారు. పేరుకు పక్కన హోదా కాకుండా ఏ పని వస్తే ఆ మనిషి అన్నది ఉండాలి. ముగ్గురు చాలు. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఆడిటర్ ఆఫీసుల్లో రిటర్నుల పని ఎక్కువగా ఆర్టికల్‌షిప్ చేసే పిల్లల చేతిలో ఉంటుంది. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ రెండేళ్లే, ఆ తర్వాత వాళ్లు వెళ్లిపోతారు. వాళ్ల సొంత మొబైల్ నంబరు, సొంత మెయిల్ ఇస్తే రెండేళ్లకు షాపువారు పంపే బిల్లులు ఎక్కడికో పోతుంటాయి. ఆఫీసు నంబరు, ఆఫీసు మెయిల్ ఐడీ ఇవ్వడం మేలు.

షాపు వైపు మనిషి ఎవరన్నది కూడా అడగాలి. సంతకం యజమానిది, పని అకౌంటెంట్‌ది. మెయిల్ యజమానికి మాత్రమే వెళ్తే అది ఆయన ఫోన్‌లోనే ఉండిపోతుంది. అకౌంటెంట్‌కు మాత్రమే వెళ్తే, తన యజమాని చెప్పందే బ్యాకప్ బయటకు ఇవ్వడానికి ఆయన జంకుతారు, జంకడం సబబు కూడా. ఇద్దరికీ ఒకే మెయిల్ వెళ్లి, అందులో ఏది ఎవరి పనో విడిగా ఉంటేనే కదులుతుంది.

పాత ఆడిటర్ గురించి ఇంకో విషయం. ఈ షాపుకు గత ఏడాది వరకు ఆడిట్ చేసింది ఒక చార్టర్డ్ అకౌంటెంటే అనుకుంటే, ఆ బాధ్యత తీసుకునే ముందు కొత్త ఆడిటర్ ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం మొదటి షెడ్యూల్‌లో ఈ నిబంధన ఉంది. తెలియజేయకుండా ఆడిట్ ఒప్పుకుంటే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందకు వస్తుంది. వ్యాపారులు దీన్ని ఎన్‌వోసీ అంటారు, పాత ఆడిటర్ అనుమతి ఇస్తేనే మారగలమని భయపడతారు. చట్టం అడిగేది సమాచారం ఇవ్వమనే, అనుమతి తెచ్చుకోమని కాదు. వృత్తిపరంగా ఏదైనా అభ్యంతరం ఉంటే చెప్పుకునే అవకాశం పాత ఆడిటర్‌కు ఇవ్వడం దాని ఉద్దేశం. ఆడిట్ ఫీజు బాకీ ఉంటే, అది వివాదం లేని బాకీ అయితే, ముందు అది తీర్చాలి. ఆయనతో మాట్లాడటం ఇష్టంలేక చాలామంది ఈ సంగతి దాటేస్తారు. అందుకే దీన్ని 12వ తేదీన రాసే రెండో మెయిల్‌లో, "పాత ఆడిటర్ గారి పేరు, ఆఫీసు చిరునామా పంపండి. ఆయనకు ఉత్తరం మేమే రాస్తాం, మీరు మాట్లాడక్కర్లేదు" అన్న రెండు వాక్యాలతో అడిగితే జవాబు సులువుగా వస్తుంది.

ఆధార్ కాపీ అడగాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపమనడం మంచిది. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో అది దొరుకుతుంది.

మెయిల్ పని చేసిందా లేదా అన్నది తెలుసుకోవడానికి 8 దాకా ఆగక్కర్లేదు. యజమాని దగ్గర్నుంచి "ఓకే సార్" అని వచ్చి ఓటీపీ నంబరు గురించి ఏమీ రాకపోతే, ఆయన మెయిల్ పూర్తిగా చదవలేదనే అర్థం. 6వ తేదీ ఉదయానికి ఫోల్డర్‌లో ఒక్క ఫైలు కూడా లేకపోతే అకౌంటెంట్‌కు లింకు తెరుచుకోలేదని గానీ, యజమాని ఆయనకు చెప్పలేదని గానీ అనుకోవాలి. అప్పుడు మళ్లీ అదే మెయిల్ పంపడం వల్ల ఉపయోగం లేదు, అకౌంటెంట్‌కు ఫోన్ చేసి లింకు తెరిపించాలి. ఫైళ్లు వచ్చినా అందులో టాలీ రిలీజ్ నంబరు లేకపోతే ఆ రోజే అడిగేయాలి, ఎందుకంటే బ్యాకప్ తెరుచుకోదన్న సంగతి 9న తెలిస్తే ఒక రోజు పోయినట్టే. అన్నీ అందితే "మూడూ అందాయి. కొనుగోలు బిల్లులు 57 లెక్క తేలాయి, మీ లెక్కతో సరిపోయిందా చూడండి" అని ఒక్క వాక్యం తిరిగి రాస్తే, తప్పిపోయిన బిల్లు ఏదైనా ఉంటే అకౌంటెంట్‌కే అప్పటికప్పుడు తడుతుంది.

12వ తేదీ మెయిల్‌లో 11న రిటర్న్ వేసినట్టు పోర్టల్ ఇచ్చిన ఏఆర్‌ఎన్ నంబరు, 20కి కావాల్సిన బ్యాంకు స్టేట్‌మెంట్ల వివరం, పాత ఆడిటర్ చిరునామా కోసం ఆ రెండు వాక్యాలు ఉంటాయి. సీసీ ఖాతా స్టేట్‌మెంట్ కూడా కావాలని విడిగా రాయాలి. మామూలుగా షాపులవాళ్లు కరెంట్ ఖాతాది మాత్రమే పంపుతారు, బ్యాంకు వేసిన ఛార్జీల మీద జీఎస్టీ ఇన్‌పుట్, వడ్డీ ఎంట్రీలు సీసీ ఖాతాలో ఉండిపోతాయి. పాత బ్యాలెన్స్ షీట్లు, లోన్ పత్రాలు, అద్దె ఒప్పందం గురించిన మూడో మెయిల్ 21 తర్వాత వెళ్తుంది.